మిరప చిగుళ్ల మీద పేనుబంక: సబ్బు కంటే ముందు నీళ్లు చూడండి

ప్రశ్న: మాది దేవరకొండ. డాబా మీద నాలుగు కుండీలల్ల మిరప చెట్లున్నయి. పది రోజుల సంది కొత్త చిగుర్లకు పచ్చటి చిన్న పురుగులు గుంపుగా పట్టినయి. ఆకులు ముడుచుకుంటున్నయి, ముట్టుకుంటే జిగురు అంటుతున్నది. మా అత్తమ్మ సబ్బు నీళ్లు కొట్టమంటే బట్టల పొడి బోరు నీళ్లల్ల కలిపి రెండు సార్లు కొట్టిన. పురుగులు పోలేదు, పైగా కొన్ని ఆకుల అంచులు మాడినయి. కాయలు పిల్లలు తింటరు కాబట్టి మందు కొట్టాలంటే భయం. సబ్బు నీళ్లు ఎట్ల చేయాలె, ఎన్ని రోజులకొకసారి కొట్టాలె?

జవాబు:

అమ్మా, మీ చెట్లకు పట్టింది పేనుబంక. మీ అత్తమ్మ చెప్పిన మాట సరైనదే. తేడా వచ్చింది రెండు చోట్ల: మీరు వాడింది సబ్బు కాదు, డిటర్జెంట్. కలిపిన నీళ్లేమో బోరు నీళ్లు. ముందు చేయాల్సింది చెప్తాను, కారణాలు తర్వాత.

లీటరు తాగే నీళ్లకు 5 గ్రాముల అసలు సబ్బు తురుము, లేదంటే 10 మిల్లీలీటర్ల పొటాషియం సబ్బు ద్రావణం కలపండి. సాయంత్రం 5 దాటాక చిగుళ్లు, ఆకుల అడుగు భాగం కారిపోయేలా తడపండి. తెల్లారి ఎండ పడకముందే మామూలు నీళ్లతో కడిగేయండి. మూడు రోజులు ఆగి మళ్లీ కొట్టండి, ఇంకో మూడు రోజులకు మూడోసారి. అంటే పది రోజుల్లోపు మూడు సార్లు. మీ నాలుగు కుండీలకు ఒక విడతకు లీటరు నీళ్లు సరిపోతాయి. పొటాషియం సబ్బు సీసా మీద వేరే మోతాదు రాసి ఉంటే దాన్నే పాటించండి.

నేను నల్లగొండలో పన్నెండేళ్లుగా మిద్దె తోట చేస్తున్నాను. అంతకుముందు బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. మా డాబా మీద ప్రతి ఏడూ ఇరవై దాకా మిరప మొక్కలుంటాయి. కార్తీకం దాటి చలి మొదలైందంటే, అందులోనూ రెండు మూడు రోజులు మబ్బు పట్టిందంటే, పేనుబంక రావడం ఖాయం. మీకు జరిగిందే నాకూ మొదట్లో జరిగింది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు అది పేనుబంకేనా అన్నది ఖాయం చేసుకోండి. తల్లో పేను ఎంత ఉంటుందో ఇంచుమించు అంతే ఉంటుంది, ఇంకా చిన్నవీ ఉంటాయి. మెత్తటి ఒళ్లు, లేత పచ్చ రంగు, కొన్నిసార్లు పసుపు, ముదురు ఆకుపచ్చ, దాదాపు నలుపు కూడా. ఫోన్ కెమెరా పెద్దది చేసి చూస్తే వెనక భాగంలో రెండు సన్నటి గొట్టాలు పొడుచుకొచ్చి కనిపిస్తాయి. అవి కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. పక్కనే తెల్లటి పొట్టు లాంటివి ఉంటాయి. అవి వేరే పురుగులు కావు, పేనుబంక విడిచిన కుబుసాలు. వాటిని చూసి తెల్లదోమ అనుకుని వేరే మందులు తెచ్చిన వాళ్లను చూశాను.

మీరు చెప్పిన జిగురు కూడా దీని గుర్తే. పేనుబంక చిగురు రసం పీలుస్తుంది. ఆ రసంలో దానికి అక్కర్లేని చక్కెర చాలా ఉంటుంది, దాన్ని తేనెలా కింది ఆకుల మీద వదిలేస్తుంది. చీమలు ఎక్కేది దాని కోసమే. కొన్నాళ్లకు ఆ జిగురు మీద నల్లటి మసి లాంటి బూజు పడుతుంది. జిగురు లేకుండా ఆకులు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు పని అయి ఉండొచ్చు. అంచులు కిందికి తిరిగి, ఆకు కాడ సాగి, బోర్లించిన పడవలా ఉంటే నల్లి. ఆ రెండింటి సంగతి వేరు. మీ వర్ణనలో గుంపు, జిగురు రెండూ ఉన్నాయి కాబట్టి నేను పేనుబంక అనే వెళ్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం, నీళ్లు.

సబ్బు పురుగును ఎలా చంపుతుందో తెలిస్తే మిగతాదంతా అర్థమైపోతుంది. పేనుబంక ఒంటి మీద పలుచటి మైనపు పొర ఉంటుంది. మామూలు నీటి చుక్క దాని మీద నిలవదు, జారిపోతుంది. సబ్బు కలిస్తే నీరు ఒళ్లంతా పరుచుకుంటుంది, పైపొరను, దాని కింది కణాలను దెబ్బతీస్తుంది, ఊపిరి తీసుకునే రంధ్రాల్లోకి పోతుంది. పురుగు గంటల్లో ఎండిపోతుంది. అయితే ఇదంతా తడిగా ఉన్నంతసేపే. ఆరిపోయాక ఆకు మీద మిగిలిన సబ్బు పురుగును ఏమీ చేయదు. తగలని పురుగు చావదు, రేపు ఎగిరొచ్చి వాలే పురుగూ చావదు. పిల్లలు తినే కాయల మీద కొట్టడానికి ఇది భయం లేనిది కావడానికి కారణం అదే, పదే పదే కొట్టాల్సి రావడానికి కారణమూ అదే.

మన దగ్గర బోరు నీళ్లు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ వైపు అందరికీ ఫ్లోరైడ్ గురించి తెలుసు. సబ్బుకు అడ్డం వచ్చేది ఆ ఫ్లోరైడ్ కాదు. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం. గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టేది, తలకు పోసుకుంటే జుట్టు అట్టకట్టేది, సబ్బు ఎంత రుద్దినా నురగ రానిది వీటివల్లే. సబ్బు ఈ నీళ్లలో పడగానే కాల్షియంతో కలిసి తెల్లటి తరకలుగా విరిగిపోతుంది, పాలు విరిగినట్టు. ఆ తరకలకు పురుగును తడిపే గుణం ఉండదు.

లెక్క వేసి చూస్తే ఎంత నష్టమో తెలుస్తుంది. తాగే నీటికి మన దేశ ప్రమాణం ప్రకారం కాఠిన్యత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మీ బోరులో 500 ఉందనుకోండి. ఆ లీటరు నీరు సుమారు 3 గ్రాముల సబ్బును తినేస్తుంది. మీరు వేసిన 5 గ్రాముల్లో పురుగు దాకా వెళ్లేది 2 గ్రాములు. 800 ఉంటే మీరు వేసిన సబ్బంతా దాదాపు విరిగిపోతుంది. చూడ్డానికి సీసాలో తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది, మందు బాగా కలిసిందనే అనుకుంటాం.

నేను అనుకున్నది అదే. ఆరేడేళ్ల కింద, సంక్రాంతికి ముందు, మా ఇంట్లో ఆరు మొక్కలకు పేనుబంక పట్టింది. బోరు నీళ్లలో సబ్బు తురిమి కలిపాను. తెల్లగా మజ్జిగలా అయింది. స్ప్రేయర్ మూతిలో రెండు నిమిషాలకోసారి అడ్డం పడుతుంటే సూదితో పొడుచుకుంటూ కొట్టాను. పొద్దున చూస్తే ఆకుల మీద విభూతి పూసినట్టు తెల్లటి పొర, దాని మధ్యలో పేనుబంక హాయిగా కూర్చుని ఉంది. సబ్బు తక్కువైందని మర్నాడు రెట్టింపు వేశాను. అప్పుడూ సగం పురుగులు అలాగే ఉన్నాయి, తెల్ల పొర ఇంకా మందమైంది. కుండీ నేలంతా తెల్లటి మరకలు.

అప్పుడు ఆ ఆరు మొక్కలను మూడు జతలు చేశాను. ఒక జతకు బోరు నీళ్లతో కలిపిన సబ్బు, ఒక జతకు తాగే నీళ్ల క్యానులోంచి తీసి కలిపిన అంతే సబ్బు, ఇంకో జతకు సబ్బు లేకుండా ఉత్త నీళ్ల ధార. ఒక్కో మొక్కలో ఒక చిగురుకు దారం కట్టి గుర్తు పెట్టాను. మర్నాడు పొద్దున పుల్లతో కదిపి చూశాను. బతికున్న పేనుబంక పుల్ల తగలగానే కాళ్లు ఆడిస్తుంది, మెల్లగా జరుగుతుంది. చచ్చింది గోధుమ రంగుకు తిరిగి, నీరంతా పోయి చదునుగా ఆకుకు అంటుకుని ఉంటుంది. తాగే నీళ్ల జతలో దారం కట్టిన చిగుళ్ల మీద కదిలేవి నాలుగైదు మించి లేవు, అవీ ముడుచుకున్న ఆకు మడతల్లోవే. బోరు నీళ్ల జతలో సగానికి పైగా కదులుతున్నాయి. ఉత్త నీళ్ల ధార పట్టిన జతలో పురుగులు కింద రాలి బాగా తగ్గాయి, బోరు సబ్బు కంటే అదే నయం. ఆ రోజు నుంచి సబ్బు నీళ్లకు బోరు నీళ్లు ముట్టలేదు.

మీ నీళ్లు పనికొస్తాయో లేదో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. తెల్లటి గాజు సీసాలో లేదా ఖాళీ వాటర్ బాటిల్‌లో సగం దాకా నీళ్లు పోసి, సబ్బు ద్రావణం పది చుక్కలు వేసి మూత పెట్టి గట్టిగా ఊపండి. పైన నురగ నిలబడి, కింద నీరు కొంచెం మసకగా ఉన్నా తరకలు లేకపోతే పనికొస్తుంది. నురగ వెంటనే చచ్చిపోయి, తెల్లటి తుంపులు తేలితే ఆ నీళ్లు వద్దు. భగీరథ నల్లా నీళ్లు మా ఇంట్లో ఈ పరీక్షలో పాసయ్యాయి. మీ దగ్గర ఆ నీళ్లలో బోరు కలిపి వదులుతుంటే ఫెయిలవ్వొచ్చు, అందుకే చూసుకోండి. ఆర్‌ఓ నీళ్లు, పట్టి ఉంచుకున్న వాన నీళ్లు, ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు, మూడూ మంచివే. నీళ్లు కాచి చల్లార్చితే కొంత కాఠిన్యత అడుగుకు పోతుంది గానీ అంతా పోదు. నాలుగు కుండీలకు క్యానులోంచి లీటరు నీళ్లు తీయడమే తేలిక.

ఇక సబ్బు సంగతి. బట్టల పొడి, గిన్నెలు తోమే లిక్విడ్, బట్టల బిళ్ల, ఇవన్నీ ఎక్కువగా డిటర్జెంట్లు. అవి బోరు నీళ్లలో కూడా నురగ ఇస్తాయి. మీకు మొదటిసారి బాగానే కలిసినట్టు అనిపించి ఉంటుంది. కానీ బట్టల పొడిలో మరక తీయడానికి చాకలి సోడా, ఇంకా ఏవేవో రసాయనాలు వేస్తారు. బట్ట మీది జిడ్డును ఎలా లాగుతుందో మిరప ఆకు మీది మైనపు పొరను అలాగే లాగేస్తుంది. ఆ పొర పోయిన ఆకు ఎండకు నీళ్లు పట్టి ఉంచుకోలేదు. ముందు అంచులు, కొనలు మాడతాయి, ఎందుకంటే కారిన చుక్క అక్కడే చేరి ఆరుతుంది. మీ ఆకులకు జరిగింది సరిగ్గా ఇదే. మాడిన భాగం మళ్లీ పచ్చబడదు, కానీ ఆ ఆకులు తుంచేయకండి. మిగతా భాగం చెట్టుకు అన్నం పెడుతూనే ఉంటుంది.

మొక్కలకు అన్నిటికంటే మంచిది పొటాషియం సబ్బు. మిద్దె తోట సామాన్లు అమ్మే షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది, కొందరు తోట సబ్బు అంటారు. ద్రవంగా ఉంటుంది, తేలిగ్గా కలుస్తుంది. అది దొరకకపోతే ఒంటి సబ్బు వాడొచ్చు, కానీ కవరు మీద టాయిలెట్ సోప్ అని ఉండాలి, టీఎఫ్ఎం 76 శాతం లేదా ఎక్కువ అని ఉండాలి. టీఎఫ్ఎం అంటే అందులో అసలు సబ్బు సరుకు ఎంతుందో చెప్పే అంకె. బేతింగ్ బార్ అని రాసి ఉంటే అందులో డిటర్జెంట్ కలిపి ఉండొచ్చు, అది వద్దు. వాసన తక్కువ ఉన్నది, రంగు లేనిది ఎంచుకోండి. ఒంటి సబ్బు సోడియంతో చేసింది కాబట్టి పొటాషియం సబ్బు కంటే ఆకు మీద కొంచెం గట్టిగా పనిచేస్తుంది. అందుకే 5 గ్రాములు దాటొద్దు. 100 గ్రాముల బిళ్లను ఇరవై సమాన ముక్కలు చేస్తే ఒక ముక్క 5 గ్రాములు. దాన్ని సన్నగా తురిమి, గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నాననిచ్చి, పలుచటి బట్టలో వడకట్టి, మిగతా నీళ్లు కలిపి లీటరు చేయండి. వడకట్టకపోతే స్ప్రేయర్ మూతి పూడిపోతుంది. చేసిన నీళ్లు అదే రోజు వాడేయండి.

కుంకుడుకాయ రసం గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్తాను. కుంకుడు నురగ బోరు నీళ్లలో విరగదు, అది దాని గొప్పదనం. వేప నూనెను నీళ్లలో కలపడానికి నేను దాన్నే వాడతాను. కానీ పేనుబంక మీద కుంకుడు రసం ఒక్కటే కొట్టినప్పుడు నాకు సబ్బంత ఫలితం రాలేదు.

మొదటిసారి మొత్తం చెట్టుకు కొట్టకండి. ఒక కొమ్మ మీద నాలుగు ఆకులకు కొట్టి రెండు రోజులు చూడండి. మిరపలో కూడా రకాన్ని బట్టి తేడా ఉంటుంది. మీ ఆకులు ఇప్పటికే ఒకసారి దెబ్బ తిన్నాయి కాబట్టి ఈ రెండు రోజులు ఇంకా అవసరం. ఆ రెండు రోజులూ ఖాళీగా కూర్చోనక్కర్లేదు, పొద్దున పూట ఉత్త నీళ్ల ధారతో కడగండి. ఎడమ చేతి రెండు వేళ్ల మధ్య చిగురును మెత్తగా ఆనించి పట్టుకుని, కింది నుంచి పైకి ధార కొట్టండి. పీలుస్తున్న పేనుబంక మూతి చిగురులో దిగి ఉంటుంది. ధారకు ఊడితే ఆ మూతి తరచుగా విరిగిపోతుంది, కింద పడ్డది మళ్లీ చెట్టెక్కడం కష్టం. ఈ ఒక్క పనితో సగం భారం తగ్గుతుంది. మరీ గట్టిగా ముడుచుకుని, లోపల కిక్కిరిసి ఉన్న చిగురు ఏదైనా ఉంటే దాన్ని తుంచి సబ్బు నీళ్ల డబ్బాలో వేసేయండి. ఆ మడతల్లోకి మీ స్ప్రే పోదు. మిరప చిగురు తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది, నష్టమేమీ లేదు.

సబ్బు కొట్టే రోజు పొద్దున కుండీకి నీళ్లు పోయండి. దాహంతో వాడిన చెట్టుకు సబ్బు తగిలితే మాడే అవకాశం ఎక్కువ. సాయంత్రం ఎండ దిగాక మొదలుపెట్టండి. ముందు చిగురు, తర్వాత ప్రతి ఆకూ తిప్పి అడుగు భాగం, కాడలు, మొగ్గల కింద. పొగలా సన్నగా కాకుండా చుక్కలు కారేలా తడవాలి. పైపైన రెండు సార్లు నొక్కి వదిలేస్తే ఆకు పైభాగం తడుస్తుంది, పేనుబంక ఉండేదేమో కింద. విచ్చిన పూల మీద వీలైనంత తగలనీయకండి, పూత కొంచెం రాలొచ్చు.

సాయంత్రం ఎందుకంటే ఆకు ఎక్కువసేపు తడిగా ఉంటుంది, సబ్బుకు పని చేసే సమయం దొరుకుతుంది. తేనెటీగలూ ఆ వేళకు వెళ్లిపోతాయి. తెల్లారగానే కడగమన్నది ఆకు మీద సబ్బు మిగిలి ఎండ పడకుండా. ఎండాకాలంలో ఈ విషయం మరీ గట్టిగా పాటించాలి. 32 డిగ్రీలు దాటిన వేడిలో సబ్బు కొడితే ఆకు మాడుతుంది, మనకు ఫాల్గుణంలోనే పగటి వేడి అది దాటేస్తుంది. జడ్చర్లలో ఉండే మా ఆడబిడ్డ మార్చిలో పొద్దున పదకొండు గంటలకు కొట్టి సాయంత్రానికి ఫోన్ చేసింది. లేత ఆకులన్నీ ఇస్త్రీ పెట్టె తగిలినట్టు మచ్చలు పడ్డాయి. మందు కలపడంలో తప్పు లేదు, వేళ ఒక్కటే తప్పు.

మూడు రోజులకోసారి ఎందుకు, ఒకసారి గట్టిగా కొడితే సరిపోదా అంటే, సరిపోదు. ఎంత జాగ్రత్తగా కొట్టినా మడతల్లో పదో పరకో మిగులుతాయి. మన వాతావరణంలో పేనుబంకకు మగ తోడు అక్కర్లేదు, గుడ్లు పెట్టి పొదిగే పనీ లేదు. ఆడ పురుగు నేరుగా పిల్లల్ని కంటుంది, ఆ పిల్ల వారం పది రోజుల్లో మళ్లీ కనడం మొదలుపెడుతుంది. మిగిలిన పది వారంలో వంద అవుతాయి. ఆ పిల్లలు పెద్దవై కనకముందే రెండో విడత, మూడో విడత తగలాలి. వారానికోసారి కొట్టి పని చేయలేదని వదిలేసే వాళ్లలో చాలామంది ఓడిపోయేది ఇక్కడే.

చీమలను పట్టించుకోకపోతే ఈ పనంతా మళ్లీ మొదటికొస్తుంది. చీమలు జిగురు కోసం పేనుబంకను కాపు కాస్తాయి, దాన్ని తినడానికి వచ్చే పురుగుల్ని కరిచి తరుముతాయి. కుండీని నాలుగు చిన్న రాళ్ల మీద కాకుండా నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక పెట్టి దాని మీద ఉంచండి. ఇటుక పైభాగం నీళ్లకు పైనే ఉండాలి, కుండీ అడుగు నీళ్లలో నానొద్దు. చెట్టు ఆకులు గోడకు, పక్క కుండీకి తగలకుండా చూడండి. ఒక్క కొమ్మ తగిలినా చీమలకు వంతెన దొరికినట్టే. పళ్లెంలో నీళ్లు రెండు రోజులకోసారి మార్చండి, లేకపోతే దోమలు పెడతాయి.

కొట్టే ముందు ఒక్క నిమిషం చిగురును దగ్గరగా చూడండి. ఎర్రగా గుండ్రంగా చుక్కలున్న అక్షింతల పురుగును అందరూ గుర్తుపడతారు. దాని పిల్లను ఎవరూ గుర్తుపట్టరు. అది నల్లగా, పొడుగ్గా, ఆరు కాళ్లతో, ఒంటి మీద నారింజ మచ్చలతో చిన్న మొసలిలా ఉంటుంది. చూస్తే భయమేస్తుంది, చాలామంది నలిపేస్తారు. నేనూ మొదటి రెండేళ్లు నలిపేశాను. అది రోజుకు పదుల కొద్దీ పేనుబంకను తింటుంది. పేనుబంక గుంపులో కొన్ని ఉబ్బి, గుండ్రంగా, లేత గోధుమ రంగులో, ఎండిన గింజల్లా కనిపిస్తే వాటిని కూడా ముట్టకండి. వాటి లోపల చిన్న కందిరీగ పిల్ల ఉంటుంది. కొన్నాళ్లకు ఆ గింజకు గుండ్రటి చిల్లు పెట్టుకుని బయటికొచ్చి మిగతా పేనుబంకలో గుడ్లు పెడుతుంది. సబ్బు మెత్తటి ఒళ్లున్న ఏ పిల్ల పురుగునైనా చంపుతుంది, మంచిదా చెడ్డదా అని చూడదు. ఒక చెట్టు మీద ఇవి మూడు నాలుగు కనిపిస్తే ఆ చెట్టుకు సబ్బు ఆపి నీళ్ల ధార, చీమల కట్టడి మాత్రం చేస్తాను. వారం చూస్తాను. చాలాసార్లు ఆ చెట్టుకు సబ్బు అవసరం పడలేదు.

ఇంకో మాట అడగాలి. ఈ నెలలో కుండీల్లో యూరియా వేశారా? చాలామంది చెట్టు ఎదగడం లేదని గుప్పెడు వేస్తారు. వేసిన వారం పది రోజులకు లేత పచ్చగా, నీరు నిండిన చిగుళ్లు వస్తాయి, పేనుబంకకు విందు భోజనం. వేసి ఉంటే ఇక ఆపండి. కోలుకునేదాకా కుండీకి గుప్పెడు చివికిన పశువుల ఎరువు చాలు.

కాయల సంగతి: సబ్బు కొట్టిన మర్నాడు కడిగాక కాయలు కోసుకోవచ్చు, మళ్లీ ఒకసారి నీళ్లలో కడిగి వండుకోండి. వేరే ఏ మందూ కలపనంత వరకు పిల్లలకు పెట్టడానికి వెనకాడనక్కర్లేదు. కలిపేటప్పుడు, కొట్టేటప్పుడు మాత్రం కళ్లలో పడకుండా చూసుకోండి, పిల్లల్ని డాబా మీదికి రానివ్వకండి. వేప నూనె కలపాలని ఉంటే మూడో విడతలో లీటరుకు 5 మిల్లీలీటర్లు కలపొచ్చు, అప్పుడు సబ్బు సగానికి తగ్గించండి. నూనె కూడా వేడిలో ఆకును మాడ్చుతుంది.

సబ్బు చేయలేని పని ఒకటుంది. పేనుబంక ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వైరస్‌ను మోస్తుంది. రోగం ఉన్న చెట్టును క్షణాల పాటు గుచ్చి చూసి, వచ్చి మీ చెట్టును గుచ్చితే చాలు, అంటుకుంటుంది. సబ్బుతో పురుగును చంపినా ఆ రోగం పోదు. మూడో విడత అయ్యాక పది పదిహేను రోజులకు వచ్చే కొత్త ఆకులను చూడండి. పాత ఆకుల ముడత విప్పుకోదు, దాని గురించి టెన్షన్ పడొద్దు. కొత్తవి సాఫీగా, వెడల్పుగా వస్తే చెట్టు గట్టెక్కినట్టే. పేనుబంక ఒక్కటీ లేకపోయినా కొత్త ఆకులు పసుపు పచ్చ మచ్చలతో, సన్నగా తాడులా సాగి, గిడసబారి వస్తుంటే అది వైరస్. అలాంటి చెట్టును మిగతా మూడింటి నుంచి వెంటనే దూరం జరిపి, వేళ్లతో సహా పీకి సంచిలో కట్టి పారేయండి. పీకిన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని గానీ మిగతా చెట్లను ముట్టకండి. ప్రాణం ఒప్పదు, తెలుసు. నేను కాయలతో నిండుగా ఉన్న చెట్టును పీకడానికి మనసొప్పక వారం ఆగాను, ఆ వారంలో పక్కనున్న రెండింటికీ వచ్చింది.

ఇది కుండీలకు, పెరట్లో పది ఇరవై చెట్లకు చెప్పిన పద్ధతి. ఎకరం మిరప చేనుకు ప్రతి ఆకు అడుగునా సబ్బు తగిలించడం కుదరదు. చేను ఉన్నవాళ్లు ఇది చదివి పంపు ఎత్తుకోకండి. మీ మండల వ్యవసాయ విస్తరణ అధికారినో, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లనో ఆకులు పట్టుకెళ్లి అడగండి.

మీరు రేపు పొద్దున చేయాల్సింది: కుండీలకు నీళ్లు పోసి, చిగుళ్లను ధారతో కడిగి, మాడని ఒక కొమ్మ మీద నాలుగు ఆకులకు దారం కట్టి పెట్టుకోండి. సాయంత్రం ఆ నాలుగు ఆకులకు మాత్రం కొత్త సబ్బు నీళ్లు. రెండు రోజులు గడిచాక సాయంత్రానికి అంచులు పచ్చగానే ఉంటే చెట్టంతా మొదటి విడత కొట్టేయండి. అంచులు మళ్లీ మాడితే లీటరుకు 3 గ్రాములకు తగ్గించి ఇంకో కొమ్మ మీద చూడండి.